కూరకి ఉల్లిపాయ వేయించడం, గాజులా మారడం నుంచి ముదురు గోధుమ రంగు దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో చెప్పిన సమయాలన్నీ ఒకే కొలతకి లెక్కగట్టినవి. పొట్టు తీశాక 450 గ్రాముల ఉల్లిపాయ (మధ్యరకం పాయలు నాలుగు), 60 మిల్లీలీటర్ల నూనె అంటే నాలుగు టేబుల్ స్పూన్లు, అర టీస్పూన్ ఉప్పు, 28 సెంటీమీటర్ల వెడల్పున్న అడుగు మందం బాణలి. నలుగురైదుగురికి సరిపోయే గ్రేవీ కూరకి ఈ కొలత సరిపోతుంది. మీ కొలత మారితే సమయం కూడా మారుతుంది. ఎలా మారుతుందో కింద అక్కడక్కడా చెప్పాం.

ఉల్లిపాయ ఎర్రగా వేగడానికి అసలు ఎంతసేపు పడుతుంది?

పైన చెప్పిన కొలతకి గాజులా మారడానికి 5 నుంచి 6 నిమిషాలు, బంగారు రంగుకి 14 నుంచి 16, ముదురు గోధుమ రంగుకి 25 నుంచి 28 నిమిషాలు పడుతుంది. చాలా వంటల పుస్తకాల్లో "ఐదు నిమిషాలు ఎర్రగా వేయించండి" అని ఉంటుంది. ఐదు నిమిషాల్లో ఉల్లిపాయ మెత్తబడుతుందే తప్ప ఎర్రబడదు. మంట బాగా పెంచి ఐదు నిమిషాల్లో రంగు తెప్పించినా అది అంచులకే పడుతుంది, లోపల పచ్చిదనం అలాగే ఉండిపోతుంది. ఆ పచ్చిదనమే తర్వాత గ్రేవీలో బయటపడుతుంది. కూర అయిపోయాక కూడా ఉల్లి ముక్కలు విడిగా తేలుతూ, ఘాటుగా నోటికి తగులుతుంటే ఉల్లిపాయ సరిగా వేగలేదన్నమాట.

పది నిమిషాలదాకా రంగే రాదు, ఆ తర్వాత ఒక్కసారిగా ఎర్రబడిపోతుంది. ఎందుకలా?

ఉల్లిపాయలో పదింట దాదాపు తొమ్మిది పాళ్లు నీళ్లే. 450 గ్రాముల్లో సుమారు 400 గ్రాములు నీళ్లన్నమాట. ముక్కలో నీళ్లు బాగా ఉన్నంతసేపు మీరు ఎంత మంట పెట్టినా ఆ వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది, ముక్క వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఉల్లిలోని చక్కెరలు, మాంసకృత్తుల తాలూకు పదార్థాలు కలిసి గోధుమ రంగుకి తిరగాలంటే ఆ వేడి చాలదు. ముక్క పైపొర ఆరి, వేడి 140 డిగ్రీల దాకా ఎక్కితేనే రంగు చురుగ్గా పడుతుంది.

అంటే వేయించడంలో రెండు పనులున్నాయి. మొదటిది నీళ్లు పోగొట్టడం, రెండోది రంగు తెప్పించడం. మొదటి పనికి పెద్ద మంట కావాలి, రెండో పనికి మంట తగ్గించాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మొదట భయపడి సిమ్‌లో పెడతారు, రంగు రావడం లేదని విసిగిపోయి, నీళ్లు పోయే వేళకి సరిగ్గా మంట పెంచుతారు. అందుకే చివర్లో మాడిపోతుంది. ఉల్లిపాయ వేయించడంలో ఒక్క విషయమే గుర్తుంచుకునేట్టయితే, ఇదే గుర్తుంచుకోవాలి.

నీళ్లు పోయాయో లేదో చెవితో తెలుసుకోవచ్చు. మొదట్లో వచ్చే చప్పుడు బరువుగా, తడిగా "సుయ్" మంటూ ఉంటుంది, పైనుంచి ఆవిరి కనిపిస్తుంది. నీళ్లు తగ్గేకొద్దీ ఆవిరి పలచబడి, చప్పుడు సన్నని చిటపటలుగా మారుతుంది. ఆ చప్పుడు మారిన దగ్గర్నుంచి పొయ్యి ముందు నుంచి కదలకండి.

ఎలా తరగాలి?

ముక్కలన్నీ ఒకే మందంలో ఉండాలి. సన్నగా తరిగారా, లావుగా తరిగారా అన్నదానికంటే ఇదే ముఖ్యం. 2 నుంచి 3 మిల్లీమీటర్ల చీలికలు ఈ పనికి బాగుంటాయి. ఒక మిల్లీమీటరు ముక్కలూ, ఐదు మిల్లీమీటర్ల ముక్కలూ కలిసిపోతే సన్నవి మాడేసరికి లావువి ఇంకా తెల్లగానే ఉంటాయి. ఆ పరిస్థితిని ఏ మంటా సరిచేయలేదు.

పాయ వేరు దగ్గరి గట్టి భాగం పూర్తిగా తీసేయండి. అది పట్టుకున్నంతసేపు పొరలు విడిపోవు, ఆ గుత్తి లోపల పచ్చిగా మిగిలిపోతుంది. తరిగాక చేత్తో పొరలు విడదీయండి. పాయని మొదలు నుంచి కొసకి నిలువుగా కోస్తే చీలికలు ఆకారం నిలుపుకుంటాయి, అడ్డంగా కోస్తే త్వరగా విరిగి గ్రేవీలో కలిసిపోతాయి. ముక్క కనిపించకుండా గ్రేవీ కావాలంటే అడ్డంగా కోయడమో, సన్నగా తరగడమో మేలు. మిక్సీలో తిప్పి తరగకండి. రసం బయటికి వచ్చేసి, ఆ తడితో వేగడానికి ఇంకా ఆలస్యమవుతుంది, ముక్కలూ సమంగా రావు.

ఏ దశలో ఏం కనిపిస్తుంది? నిమిషాల వారీగా చెప్పండి.

నూనె వేడెక్కాక ఒక ముక్క వేసి చూడండి. వెంటనే బుడగలు కడితే మిగతావన్నీ వేసి, ఉప్పు చల్లి, పెద్ద మంట మీద ఉంచండి. నూనె ప్రతి ముక్కకీ అంటేలా ఒకసారి బాగా కలపాలి. మొదటి రెండు నిమిషాలు నిమిషానికి ఒకసారి కలిపితే చాలు.

5, 6 నిమిషాలకి ముక్కలు గాజులా అవుతాయి. పచ్చి ముక్క తెల్లగా కనిపించడానికి కారణం దాని కణాల మధ్య ఉన్న గాలి. వేడికి కణాల గోడలు సడలి ఆ గాలి ఉన్న చోటికి రసం చేరుతుంది, అందుకే వెలుతురు ముక్కలోంచి సాగిపోతుంది. కాబట్టి ఇది రంగు మారడం కాదు, ముక్క వడలడం మాత్రమే. ఈ దశలో ఘాటు తగ్గుతుంది, తీపి ఇంకా రాదు, కొరికితే కొంచెం కరకరమంటుంది.

8, 9 నిమిషాలకి కుప్ప సగానికి దిగుతుంది. ముక్కలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. గరిటెతో ఒక చీలిక నొక్కితే తేలిగ్గా తెగుతుంది. చప్పుడు మారేది దాదాపు ఇక్కడే. మంటని మీడియంకి తగ్గించండి.

11, 12 నిమిషాలకి అంచులు లేత పసుపు రంగుకి వస్తాయి. దోరగా వేగడం అంటే ఇదే. ఇప్పటినుంచి నిమిషానికి రెండుసార్లు కలపాలి. బాణలి అంచుల దగ్గర ఉన్న ముక్కలు మధ్యలో ఉన్నవాటికంటే ముందే రంగు పడతాయి, కాబట్టి గరిటెని అంచు వెంట తిప్పుతూ బయటివి లోపలికి తేవాలి.

14 నుంచి 16 నిమిషాల మధ్య కుప్పంతా బంగారు రంగుకి వస్తుంది. ఉల్లి వాసనలోని ఘాటు పోయి కమ్మదనం వస్తుంది. రుచి చూస్తే తీపి తెలుస్తుంది. అన్ని దశల్లోనూ తీపి ఎక్కువగా ఉండేది ఇక్కడే. రంగు ఇంకా ముదిరేకొద్దీ చక్కెరలు రంగుగా, వాసనగా మారిపోతూ తీపి తగ్గుతుంది. "ఎంత ఎర్రగా వేగితే అంత తియ్యన" అనుకోవడం సరికాదు.

18 నుంచి 20 నిమిషాలకి లేత గోధుమ రంగు. కుప్ప మూడో వంతుకి దిగుతుంది, చుట్టూ నూనె విడిగా కనిపిస్తుంది. నీళ్లు చాలావరకు పోయాయి కాబట్టి నూనె వేడి ఇప్పుడు నేరుగా ముక్కకి తగులుతుంది. ఇక్కడ మంటని మరో మెట్టు తగ్గించి, మీడియంకీ సిమ్‌కీ మధ్య ఉంచండి.

22 నుంచి 24 నిమిషాలకి గోధుమ రంగు స్థిరపడుతుంది, ముక్కలు సన్నబడి ముడుచుకుంటాయి. ఇక్కడి నుంచి ముదురు గోధుమ రంగుకి మూడు నాలుగు నిమిషాలే. ఆ మూడు నాలుగు నిమిషాలూ గరిటె ఆగకూడదు. ముదురు గోధుమ రంగు వచ్చేసరికి ఉల్లి పరిమాణం మొదట్లో ఉన్నదానిలో పావు వంతుకి చేరుతుంది. వాసనలో వేపుడు కమ్మదనం గాఢంగా ఉంటుంది, రుచిలో తీపితోపాటు చిన్న చేదు తెలుస్తుంది. ఆ చేదు గ్రేవీలో పులుపూ కారమూ కలిశాక విడిగా తెలియదు.

దించే ముందే మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు దగ్గర పెట్టుకోండి. కావలసిన రంగుకి ఒక ఛాయ ముందే ఆ నీళ్లు పోసి కలపాలి. పొయ్యి ఆపినా మందపాటి బాణలిలోని వేడి, నూనెలోని వేడి కలిసి ఇంకో నిమిషం దాకా ఉల్లిని వేపుతూనే ఉంటాయి. ఆపితే ఆగదు, నీళ్లు పోస్తేనే ఆగుతుంది.

నా కూరకి ఏ దశ సరిపోతుంది?

తెల్లటి గ్రేవీ, పాలూ కొబ్బరీ పడే గ్రేవీ అయితే గాజు దశ దగ్గర, లేదా మెత్తబడగానే ఆపాలి. రంగు పడితే గ్రేవీ మట్టిరంగుకి తిరుగుతుంది. కూరగాయల కూరలకీ టమాటా ఎక్కువ పడే గ్రేవీలకీ బంగారు రంగు బాగుంటుంది, తీపి పులుపుని నిలదొక్కుకోనిస్తుంది. మాంసం కూరలకీ ముదురు రంగు గ్రేవీలకీ గోధుమ రంగు దాకా వెళ్లాలి. గంటసేపు ఉడికే కూరలో బంగారు రంగు ఉల్లి జాడ లేకుండా పోతుంది, ముదురు ఉల్లి రుచి మాత్రం చివరిదాకా నిలబడుతుంది.

ఏది ఎంచుకోవాలో తేలకపోతే లేత గోధుమ రంగు దగ్గర ఆపండి. దాదాపు ఏ గ్రేవీకీ అది తప్పు కాదు.

ఉప్పు మొదటే వేయాలా, చివర్లో వేయాలా?

కూర మసాలా కోసమైతే మొదటే. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది, ముక్క త్వరగా, సమంగా మెత్తబడుతుంది. మొదటి ఐదు నిమిషాల్లో బాణలిలో తడి ఎక్కువగా కనిపించి, రంగు ఆలస్యమవుతున్నట్టు అనిపిస్తుంది. కానీ ముక్కలన్నీ ఒకేసారి మెత్తబడతాయి కాబట్టి రంగు కూడా సమంగా పడుతుంది, కొన్ని మాడి కొన్ని తెల్లగా మిగిలే బెడద తగ్గుతుంది. ఈ అర టీస్పూన్‌ని కూరకి వేసే ఉప్పులోంచి తగ్గించుకోవడం మరిచిపోవద్దు. కుప్ప దిగిపోయాక ఉప్పు చిక్కబడి ఉంటుంది, అప్పుడు రుచి చూసి "ఉప్పెక్కువైంది" అని కంగారు పడక్కర్లేదు, గ్రేవీ పడ్డాక సర్దుకుంటుంది.

కరకరలాడేలా వేయించి పైన చల్లుకునే ఉల్లికి మాత్రం ఉప్పు వేయకూడదు. అది వేరే పని, అక్కడ ముక్క మెత్తబడకుండా ఆరాలి.

నూనె తగ్గించి చేయలేమా?

రెండు టేబుల్ స్పూన్ల దాకా తగ్గించవచ్చు. ఆ కిందకి వెళితే వచ్చే చిక్కు రుచి కాదు, వేడి. నూనె బాణలి వేడిని ముక్క చుట్టూ సమంగా చేరుస్తుంది. నూనె చాలకపోతే బాణలికి తగిలిన చోటే ముక్క వేగి, మచ్చలు మచ్చలుగా మాడుతుంది. రెండు స్పూన్లతో చేసేటప్పుడు 10వ నిమిషం నుంచే మంట తగ్గించి, అడుగు పట్టినప్పుడల్లా స్పూన్ నీళ్లు చల్లుతూ పోవాలి. అప్పుడు ముదురు గోధుమ రంగుకి ఎనిమిది పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. నూనె నాలుగు స్పూన్లు వేసి, ఉల్లి వేగాక బాణలిని ఒక పక్కకి వంచి తేలిన నూనెలో ఒకటి రెండు స్పూన్లు తీసేయడం ఇంతకంటే సులువు. ఆ నూనెకి ఉల్లి వాసన పట్టి ఉంటుంది, మరో కూర తిరగమోతకి పనికొస్తుంది.

నెయ్యి, వెన్నలతో చేయవచ్చా అని కూడా అడుగుతారు. నెయ్యితో నిక్షేపంగా చేయవచ్చు. వెన్నలో పాల పదార్థం ఉంటుంది, ఉల్లి గోధుమ రంగుకి వచ్చే లోపే అది మాడిపోతుంది. వెన్న కావాలంటే చివర్లో కలపండి.

అంచులు నల్లబడ్డాయి, మధ్యలో తెల్లగానే ఉంది. ఎక్కడ తప్పు జరిగింది?

మూడు చోట్ల చూడాలి. ముక్కల మందం సమంగా లేకపోవడం మొదటిది. మంట తగ్గించాల్సిన వేళ దాటిపోవడం రెండోది. మూడోది బాణలి. అడుగు పలుచగా ఉంటే మంట తగిలే వలయం మేరకే కాలుతుంది, మిగతా చోట చల్లగా ఉంటుంది. పలుచటి గిన్నె తప్ప లేకపోతే పెద్ద మంట మానేసి మొదటినుంచీ మీడియంలోనే ఉంచండి, మొత్తం సమయం 35 నిమిషాలకి పెరుగుతుంది, కానీ పని సవ్యంగా అవుతుంది.

ఇప్పటికే అలా అయిపోయి ఉంటే పొయ్యి ఆపి నల్లటి ముక్కలు ఏరేయండి. రెండు స్పూన్ల నీళ్లు చల్లి, మూత పెట్టి మూడు నిమిషాలు మగ్గించండి. తెల్లటి ముక్కలు మెత్తబడతాయి. తర్వాత మూత తీసి మీడియం మంట మీద కొనసాగించండి.

రెండు కిలోలు ఒకేసారి వేస్తే ఉడికిపోతోంది, వేగడం లేదు.

బాణలిలో ఉల్లి ఎత్తు రెండు అంగుళాలు దాటితే కింది ముక్కల ఆవిరి పైముక్కల్లోంచి బయటికి రావాలి. దారిలో కొంత చల్లబడి మళ్లీ నీరై కిందికి దిగుతుంది. కుప్ప తన నీటిలో తానే ఉడుకుతుంది. ఇందులో నష్టమేమీ లేదు, నీళ్లు పోయేసరికి సమయం పడుతుంది, అంతే. 900 గ్రాములు అదే 28 సెంటీమీటర్ల బాణలిలో వేస్తే ముదురు గోధుమ రంగుకి 45 నుంచి 50 నిమిషాలు కేటాయించుకోవాలి. మొదటి 20 నిమిషాలు పెద్ద మంటే ఉండాలి.

సమయం లేకపోతే రెండు బాణలుల్లో వేయండి. మూత పెట్టి మెత్తబరచడం కూడా ఒక దారే. మొదటి ఐదారు నిమిషాలు మూత పెడితే ఆవిరికి కుప్ప త్వరగా దిగుతుంది. ఆ తర్వాత మూత తీసేయాలి. మూత పెట్టి ఎర్రగా వేయించడం కుదరదు, ఆవిరి బయటికి పోకపోతే ముక్క ఆరదు.

అడుగున గోధుమ రంగు పొర అంటుకుంటోంది. మాడిపోయినట్టేనా?

కాదు. రంగు గోధుమగా ఉన్నంతవరకు అది రుచి, దాన్ని వదులుకోకూడదు. ఉల్లి రసంలోని చక్కెరలు బాణలికి అంటుకుని ముందుగా వేగాయన్నమాట. ఒక టేబుల్ స్పూన్ నీళ్లు ఆ పొర మీద పడేలా చల్లి, అట్లకాడతో గీకి ముక్కల్లో కలిపేయండి. ఆ నీళ్లు అర నిమిషంలో ఆవిరైపోతాయి, పొరలోని రంగు ఉల్లికి పడుతుంది. 15వ నిమిషం తర్వాత ఇలా మూడు నాలుగు సార్లు చేయాల్సి రావచ్చు. ఒకేసారి పావు గ్లాసు పోస్తే మాత్రం ఆవిరి చేసే పని మళ్లీ మొదటికొస్తుంది.

పొర నల్లగా మారి, గీకితే పొడిలా రాలుతుంటే అది మాడు. నీళ్లు పోసి కలిపారంటే చేదు మొత్తం ఉల్లికి ఎక్కుతుంది. గీకకుండా, పైనున్న ఉల్లిని మాత్రం వేరే గిన్నెలోకి తీసుకుని అక్కడ కొనసాగించండి.

త్వరగా అవ్వాలని పంచదారో వంటసోడానో వేయవచ్చా?

450 గ్రాముల ఉల్లిలో దాదాపు 19 గ్రాముల చక్కెర ముందే ఉంది. నాలుగు టీస్పూన్ల పైమాటే. అర టీస్పూన్ పంచదార వేస్తే రంగు ఒకటి రెండు నిమిషాలు ముందు కనిపిస్తుంది, కానీ అది పంచదార పాకం రంగు. లోపల ఉల్లి వేగిందన్న భ్రమ కలిగిస్తుంది, అడుగు త్వరగా మాడుతుంది. మా సలహా వద్దనే.

వంటసోడా నిజంగానే పని చేస్తుంది. క్షారం ముక్కని పట్టి ఉంచే పదార్థాన్ని త్వరగా కరిగిస్తుంది, రంగు మారే చర్యనీ వేగిరపరుస్తుంది. ఈ కొలతకి టీస్పూన్‌లో ఎనిమిదో వంతు వేస్తే ఏడెనిమిది నిమిషాలు కలిసొస్తాయి. దానికి బదులుగా ముక్క జావలా అయిపోతుంది. కొంచెం ఎక్కువైనా సబ్బు రుచి వస్తుంది, ఎర్ర ఉల్లిపాయ అయితే మధ్యలో పచ్చని ఛాయ కూడా కనిపించవచ్చు. ఎలాగూ ముద్ద చేయబోయే గ్రేవీకి ఫరవాలేదు. ముక్క కనిపించే కూరకి వద్దు.

అల్లం వెల్లుల్లి ముద్ద, టమాటా, కారం పొడి ఎప్పుడు వేయాలి?

ఉల్లి మీరు అనుకున్న రంగుకి వచ్చాకే. ముద్దలో నీళ్లుంటాయి, అది పడగానే బాణలి వేడి పడిపోతుంది, ఉల్లి రంగు అక్కడే ఆగిపోతుంది. పైగా వెల్లుల్లి ఉల్లికంటే ఎంతో త్వరగా మాడుతుంది. ముదురు గోధుమ రంగుకి వెళ్లేట్టయితే ముందు చల్లే మూడు స్పూన్ల నీళ్ల తర్వాత ముద్ద వేసి, పచ్చివాసన పోయేదాకా రెండు నిమిషాలు మీడియంలో వేయించండి. పొడులు ఆ తర్వాత, మంట తగ్గించి, అర నిమిషం. బాణలి పొడిగా కనిపిస్తే పొడులకి ముందే ఇంకో స్పూన్ నీళ్లు చల్లాలి, లేకపోతే కారం పొడి మాడి ఇంతసేపు చేసిన పనికి చేదు తగులుతుంది.

టమాటా విషయంలో తొందర అసలు పనికిరాదు. పులుపు ఉల్లి కణాల్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. ఉల్లి మెత్తబడకముందే టమాటా వేస్తే, ఆ తర్వాత గంటసేపు ఉడికించినా ముక్క కరకరలాడుతూనే ఉంటుంది. చింతపండు రసానికీ, పెరుగుకీ ఇదే వర్తిస్తుంది. ఒక చీలికని గరిటెతో నొక్కి చూడండి, అది తెగకపోతే పులుపు వేయకండి.

చేదు వచ్చేసింది. కూరని కాపాడుకోవచ్చా?

ముందు ఎంత చేదో తెలుసుకోండి. అర స్పూన్ ఉల్లిని విడిగా తీసి చల్లార్చి రుచి చూడండి. వేడిగా ఉన్నప్పుడు చేదు సరిగా తెలియదు. మొదట తీపి తగిలి తర్వాత చిన్న చేదు తెలిస్తే అది ముదురు దశకి సహజమే, కొనసాగించండి. నాలుక మీద పెట్టగానే చేదు, వెనకాలే బొగ్గు వాసన వస్తే పారేసి మళ్లీ మొదలుపెట్టండి. పంచదార, పెరుగు, టమాటా ఏవి వేసినా ఆ మాడు రుచిని దాచలేవు. అప్పటికి నష్టం నాలుగు ఉల్లిపాయలూ అరగంటా మాత్రమే, మాంసమూ మసాలాలూ పడ్డాక నష్టం పెరుగుతుంది. నూనెని కూడా పారేయాలి, చేదు దానికి ముందే ఎక్కి ఉంటుంది.

పచ్చి ఉల్లిని ముద్ద చేసి వేయించితే తేలిక కాదా?

తేలిక కాదు. పచ్చి ఉల్లిని నూరితే కణాలన్నీ పగిలి ఘాటైన గంధకపు పదార్థాలు ఒక్కసారిగా విడుదలవుతాయి, నూరి పక్కన పెట్టేకొద్దీ చేదు పెరుగుతుంది. పైగా ముద్ద తన నీటితో ఫట్ ఫట్‌మని చిమ్ముతూ, అడుగు పడుతూ వేగుతుంది. తప్పదంటే నూరిన వెంటనే నూనెలో వేయండి. మెత్తటి గ్రేవీ కోసమైతే చీలికల్ని బంగారు రంగుకో గోధుమ రంగుకో వేయించి, చల్లార్చి, పావు కప్పు నీళ్లతో ముద్ద చేయడమే సరైన పద్ధతి. వేడిగా ఉన్నప్పుడు మిక్సీలో వేస్తే ఆవిరికి మూత ఎగిరిపోగలదు.

నాన్‌స్టిక్, ఇండక్షన్ మీద ఏమైనా మారుతుందా?

నాన్‌స్టిక్‌లో అడుగున గోధుమ పొర పట్టదు, కాబట్టి నీళ్లు చల్లి గీకే పని ఉండదు. రంగు సమంగానే వస్తుంది, గాఢత మాత్రం కొంచెం తక్కువ. పెద్ద మంట మీద ఖాళీగా కాగనివ్వకుండా, నూనె వేశాకే పొయ్యి వెలిగించండి.

ఇండక్షన్ స్టవ్ మీద వేడి కింది కాయిల్ ఉన్నంతమేరకే పుడుతుంది. కాయిల్ కంటే బాణలి బాగా వెడల్పైతే అంచులు వెనకబడతాయి, మధ్యవి ముందు వేగుతాయి. గ్యాస్ మీద చేసినదానికి తిరగేసి, మధ్య నుంచి అంచులకి నెడుతూ కలపాలి. తగ్గించగానే వేడి వెంటనే పడిపోవడం దీనిలోని సదుపాయం, చివరి మూడు నిమిషాలకి బాగా పనికొస్తుంది.

ముందే వేయించి దాచుకోవచ్చా?

దాచుకోవచ్చు. గోధుమ రంగు దశలో, అంటే 22వ నిమిషం దగ్గర ఆపండి. తిరిగి వేడి చేసినప్పుడు ఇంకొంత ముదురుతుంది. వెడల్పాటి పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి, తడిలేని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు నాలుగు రోజులు బాగుంటుంది. గది వేడిలో రాత్రంతా వదిలేయకండి, పైన నూనె తేలి ఉన్నా సరే. ఫ్రీజర్‌లో అయితే రెండు మూడు నెలలు ఉంటుంది. ఒక్కో కూరకి సరిపడా, అంటే 450 గ్రాముల పచ్చి ఉల్లికి వచ్చినంత, విడివిడిగా పొట్లాలు కట్టి పెట్టుకుంటే మంచిది. వాడేటప్పుడు కరిగించక్కర్లేదు. బాణలిలో వేసి రెండు స్పూన్ల నీళ్లు చల్లి, సన్న సెగ మీద మూత పెడితే నాలుగైదు నిమిషాల్లో నూనె తేలుతుంది. అల్లం వెల్లుల్లి ముద్ద అప్పుడు వేయండి.